పెట్టెల లెక్కకూ సెన్సర్ లెక్కకూ పొంతన ఎందుకు కుదరలేదు: ఎనిమిది రోజుల ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

చిత్తూరు దగ్గర ఒక చిన్న మామిడి గుజ్జు కర్మాగారం. తోతాపురి కాయల సీజను నడుస్తోంది. గుజ్జు నింపి, మూత బిగించి, ఉడికించి, చల్లార్చిన 3.1 కిలోల రేకు డబ్బాలు కన్వేయర్ మీద ప్యాకింగు బల్ల దగ్గరికి వస్తాయి. అక్కడ ఆరేసి డబ్బాలను ఒక అట్టపెట్టెలో సర్దుతారు. దారిలో ఎన్ని డబ్బాలు వెళ్లాయో లెక్కించే కౌంటరును కిందటి నెల నేనే అమర్చాను. 18 మిల్లీమీటర్ల ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సర్, 25 మీటర్ల కేబులు, ప్యానెల్లో సెన్సర్ సంకేతాన్ని కాంతి ద్వారా దాటించే ఒక ఆప్టోకప్లర్, దాని వెనక లెక్కపెట్టే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో నానో. డబ్బాలు నీళ్లు కారుతూ వస్తాయి కాబట్టే ఈ రకం సెన్సర్ ఎంచుకున్నాను. దీనికి నీళ్లు కనబడవు, లోహం మాత్రమే కనబడుతుంది.

ఈ రోజు సూపర్‌వైజర్ కబురు పెట్టారు. నిన్నటి షిఫ్టులో 806 పెట్టెలు నిండాయి, అంటే 4,836 డబ్బాలు. కౌంటరు 4,842 చూపించింది. "ఆరు డబ్బాల తేడా పెద్దదేమీ కాదు సార్, కానీ మొన్న నాలుగు తక్కువ చూపించింది, నిన్న ఆరు ఎక్కువ చూపించింది. దేన్ని నమ్మాలి?" అన్నారు.

ఆయన అడిగింది సరైన ప్రశ్న. ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంటే కారణం ఒకటే అనుకోవచ్చు. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అంటే కనీసం రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని అర్థం. అనుమానం తీర్చుకోవడానికి ఈ రోజంతా ప్యాకింగు బల్ల పక్కనే కూర్చుని గంట గంటకూ పెట్టెలు లెక్కబెట్టాను. వరుసగా తేడాలు: +7, −5, +9, −8, +4, −1. మొత్తం కూడితే మళ్లీ +6. మొత్తంలో ఆరు తప్పులే ఉన్నాయనుకున్న చోట లోపల కనీసం 34 ఉన్నాయి. ఒక గంటలోపలే ఎక్కువా తక్కువా కలిసిపోయినవి ఇంకెన్నో.

ఇకపై మొత్తం అంకెను చూడను. సెన్సర్ ఒకసారి ఆన్ అయి ఆఫ్ అయ్యే ఒక్కొక్క పల్సును చూడాలి.

రెండో రోజు

నా పాత ప్రోగ్రాం చాలా అమాయకమైనది. ఇన్‌పుట్ ఆన్‌కు మారిన ప్రతిసారీ ఒకటి కలుపుతుంది, ఆ మార్పు డబ్బా వల్ల వచ్చిందా మరో దానివల్ల వచ్చిందా అని అడగదు. దాన్ని పక్కనపెట్టి, లెక్కపెట్టకుండా నమోదు మాత్రమే చేసే ప్రోగ్రాం రాశాను. ప్రతి మార్పుకూ మూడు విషయాలు రాస్తుంది: సమయం మైక్రోసెకన్లలో, సెన్సర్ ఆన్ అయిందా ఆఫ్ అయిందా, కిందటి మార్పు నుంచి ఇప్పటిదాకా 24 వోల్టుల సరఫరా ఎంత కిందికి దిగింది.

```cpp
volatile unsigned long t[32];
volatile byte lv[32], h = 0;
byte k = 0;
int vmin = 1023;

void edge() {
  t[h] = micros();
  lv[h] = !digitalRead(2);
  h = (h + 1) & 31;
}
void setup() {
  Serial.begin(115200);
  pinMode(2, INPUT_PULLUP);
  attachInterrupt(digitalPinToInterrupt(2), edge, CHANGE);
}
void loop() {
  int a = analogRead(A0);
  if (a < vmin) vmin = a;
  if (k == h) return;
  Serial.print(t[k]);  Serial.print(',');
  Serial.print(lv[k]); Serial.print(',');
  Serial.println(vmin);
  vmin = 1023;
  k = (k + 1) & 31;
}
```

సరఫరాను చూడటానికి 100 కిలో ఓములు, 15 కిలో ఓముల రెసిస్టర్లతో వోల్టేజిని విభజించి A0 పిన్నుకు ఇచ్చాను. 24 వోల్టులకు దాదాపు 640 చూపిస్తుంది, 10 వోల్టులకు దాదాపు 267. నానోకు మాత్రం ప్యానెల్ నుంచి కరెంటు ఇవ్వలేదు. బ్యాటరీ మీద నడుస్తున్న ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి ఇచ్చాను. ప్యానెల్ సరఫరా పడిపోయినప్పుడు కొలిచేది కూడా దానితోపాటే పడిపోతే ఏమీ తెలియదు. మల్టీమీటరుతో ఈ పని ఎందుకు చేయలేదంటే, మామూలు మల్టీమీటరు సెకనుకు కొన్నిసార్లే కొలుస్తుంది. యాభై అరవై మిల్లీసెకన్ల పతనం దాని కంట పడకుండా దాటిపోతుంది.

ఒక గంట నమోదు చేసి చూస్తే పల్సులన్నీ ఒక్క తీరుగా లేవు. ఎక్కువ భాగం 90 నుంచి 280 మిల్లీసెకన్ల మధ్య ఉన్నాయి, అవి డబ్బాలవే. కొన్ని మిల్లీసెకను కూడా లేనివి. కొన్ని జంటగా వచ్చిన సగం సగం ముక్కలు. కొన్ని చోట్ల 2 నుంచి 40 మిల్లీసెకన్ల పల్సులు గుంపుగా ఉన్నాయి. డబ్బాలవి కాని ఆనవాళ్లు మూడు రకాలు ఉన్నాయి కాబట్టి కనీసం మూడు కారణాలు ఉండొచ్చని ఊహిస్తూ పని మొదలుపెట్టాను.

మూడో రోజు

డబ్బాలు నడుస్తుండగా వెతికితే అన్నీ కలగలిసిపోతాయి. అందుకే ఉదయం షిఫ్టు మొదలవకముందు రెండు గంటలు అడిగి తీసుకుని, డబ్బాలు లేకుండానే పరీక్షలు పెట్టాను.

సెన్సర్ ముందు ఏమీ లేనప్పుడు అది ఆఫ్‌లో ఉంటుంది. ఆ స్థితిలో పల్సు వచ్చిందంటే అది లేని డబ్బాను పుట్టించిన పల్సు. సెన్సర్ ముందు ఇనుప పలకను కట్టేస్తే అది నిలకడగా ఆన్‌లో ఉంటుంది. ఆ స్థితిలో ఆఫ్ వచ్చిందంటే ఉన్న డబ్బాను మధ్యలో కోసిన ఆఫ్. ఈ రెండు పరీక్షలూ వేర్వేరు తప్పులను పట్టుకుంటాయి. నాది పీఎన్‌పీ రకం, మామూలుగా తెరిచి ఉండే సెన్సర్, అంటే ఎదురుగా లోహం ఉన్నప్పుడే అవుట్‌పుట్ వైరు మీద ప్లస్ వోల్టేజి ఇస్తుంది. ఆఫ్‌లో ఉన్నప్పుడు సరఫరా పడిపోయినా అవుట్‌పుట్ ఆఫ్‌గానే ఉంటుంది, ఏమీ కనబడదు. ఖాళీ బెల్టుతో ఎన్ని గంటలు పరీక్షించినా సరఫరా లోపం దొరకకపోవడానికి కారణం ఇదే. దానికి పలక పరీక్ష తప్పనిసరి.

ముందు ఖాళీ పరీక్ష. మోటారు ఆపి పది నిమిషాలు: సున్నా. కన్వేయర్ మోటారును దాని వేగాన్ని నియంత్రించే డ్రైవ్ మీద నడిపి పది నిమిషాలు: రెండు పల్సులు. డబ్బాలను పక్క వరుసకు నెట్టే గాలి సిలిండర్‌ను కూడా ఇరవైసార్లు ఆడించి పది నిమిషాలు: పదకొండు పల్సులు. అన్నీ 0.15 నుంచి 0.6 మిల్లీసెకన్ల మధ్యే.

ఆ వెడల్పే అసలు సాక్ష్యం. ఈ సెన్సర్ సెకనుకు 500 సార్లు మాత్రమే మారగలదని దాని వివరాల కాగితంలో ఉంది. అంటే ఒక ఆన్, ఒక ఆఫ్ కలిపి రెండు మిల్లీసెకన్లు. 0.2 మిల్లీసెకన్ల పల్సును సెన్సర్ ఇవ్వాలన్నా ఇవ్వలేదు. అది వైరులో పుట్టినది. రూఢి చేసుకోవడానికి సెన్సర్ దగ్గర అవుట్‌పుట్ మోసే నల్ల వైరును విప్పేసి, కేబులును అదే చోట ఉంచి మళ్లీ ఇరవైసార్లు సిలిండర్ ఆడించాను. సెన్సర్ లేకుండానే పది పల్సులు వచ్చాయి.

మొదటి మందు సిలిండర్ వాల్వు కాయిల్‌కు. కాయిల్‌లో కరెంటు ఆపేసినప్పుడు అందులో నిలవున్న శక్తి పెద్ద వోల్టేజి ముల్లుగా బయటికి తన్నుకొస్తుంది. దాన్ని అక్కడికక్కడే తిప్పుకోవడానికి కాయిల్ చివరల మధ్య ఒక డయోడు ఉండాలి, ఇక్కడ లేదు. 1ఎన్4007 డయోడును, గీత ఉన్న వైపు ప్లస్‌కు వచ్చేలా కాయిల్ టెర్మినళ్ల మీదే బిగించాను. పదకొండు రెండుకు దిగింది. డయోడు పెడితే వాల్వు కొద్దిగా ఆలస్యంగా వదులుతుంది, ఈ సిలిండర్‌కు దానివల్ల ఇబ్బంది లేదు.

మిగిలిన రెండూ డ్రైవ్‌వి. నా సెన్సర్ కేబులు, డ్రైవ్ నుంచి మోటారుకు వెళ్లే కేబులు పద్దెనిమిది మీటర్ల పొడవునా ఒకే ట్రేలో అంటుకుని పడుకున్నాయి. పాత కేబులునే ట్రే నుంచి తీసి, అడుగు దూరంలో కట్టాను, దాటాల్సిన ఒక్క చోట అడ్డంగా దాటించాను. కొత్త కేబులు వేయాలని ఎలక్ట్రీషియన్ పట్టుబట్టాడు. "వేద్దాం అన్నా, కానీ ఈ రోజు కాదు" అన్నాను. చోటూ కేబులూ ఒకేసారి మారిస్తే దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు. చోటు మార్చాక పది నిమిషాల పరీక్ష మూడుసార్లు చేశాను, మూడుసార్లూ సున్నా.

ప్యానెల్లో ఆప్టోకప్లర్ ముందు నల్ల వైరుకూ సున్నా వోల్టుల నీలం వైరుకూ మధ్య 2.2 కిలో ఓముల, ఒక వాటు రెసిస్టరు కూడా పెట్టాను. సెన్సర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు నల్ల వైరు గాలిలో వేలాడుతున్నట్టే ఉంటుంది. ఆ రెసిస్టరు దాన్ని సున్నా వోల్టులకు కట్టి ఉంచుతుంది.

నాలుగో రోజు

మధ్యాహ్నం ప్యాకింగులో పనిచేసే ఒకామె నా దగ్గరికి వచ్చి ఒక మాట చెప్పారు. "పెట్టెలు ఎత్తే బల్ల పైకి లేచినప్పుడల్లా ఆ అంకె ఒకటి ఎక్కువ దూకుతుంది సార్. అన్నిసార్లూ కాదు, డబ్బా సరిగ్గా అక్కడ ఉన్నప్పుడే." నెల రోజులుగా ఆ అంకె ఎదురుగా పనిచేస్తున్న మనిషి. నేను అడగకపోవడం నా తప్పు. ఆమె చెప్పినవి రెండు షరతులు: బల్ల కదలాలి, డబ్బా సెన్సర్ ముందు ఉండాలి. నిన్న చెప్పుకున్న పలక పరీక్ష సరిగ్గా దీనికే.

పలక కట్టి బల్లను ముప్పైసార్లు ఎత్తించాను. తొమ్మిదిసార్లు ఆన్ తెగిపోయింది. తర్వాత డబ్బాలతో నడిపినప్పుడు దొరికిన ఒక నమూనా ఇది:

```
48211604,1,640
48318920,0,212
48383144,1,205
48476008,0,639
```

107 మిల్లీసెకన్లు ఆన్, 64 ఆఫ్, మళ్లీ 93 ఆన్. మూడూ కూడితే 264, అంటే అచ్చంగా ఒక డబ్బా వెడల్పు. మూడో అంకె 205 అంటే సరఫరా 7.7 వోల్టులకు దిగిపోయింది. సెన్సర్ పనిచేయడానికి కనీసం 10 వోల్టులు కావాలి. సరఫరా పడితే సెన్సర్ నిద్రపోయింది, తిరిగి రాగానే ఎదురుగా అదే డబ్బాను చూసి మళ్లీ ఆన్ అయింది. ఒక డబ్బా రెండైంది. ముక్కల మొత్తం ఒక పూర్తి డబ్బాకు సమానం కావడం, అదే క్షణంలో వోల్టేజి దిగడం, ఈ రెండూ కలిసి కనబడితే అది సరఫరా లోపమే.

కారణం ప్యానెల్ తలుపు తీయగానే కనబడింది. బల్ల మోటారుకు 24 వోల్టుల బ్రేకు కాయిల్ ఉంది, తర్వాత ఎప్పుడో చేర్చినది. దాని మీద 1.2 ఆంపియర్లని రాసి ఉంది. వాల్వులు, దీపం, నా సెన్సర్, ఈ బ్రేకు అన్నీ 1.5 ఆంపియర్ల ఒకే పవర్ సప్లయి మీద ఉన్నాయి. వాల్వులూ బ్రేకూ కలిసి లాగినప్పుడు అది తనను తాను కాపాడుకోవడానికి ఒక్క క్షణం చేతులెత్తేస్తోంది.

నిరూపణ కోసం సెన్సర్ సరఫరాకు ముందు ఒక డయోడు, తర్వాత 470 మైక్రోఫారడ్ల కెపాసిటరు పెట్టాను. సెన్సర్ అవుట్‌పుట్‌తో సహా లాగేది దాదాపు 26 మిల్లీ ఆంపియర్లు. 64 మిల్లీసెకన్లలో కెపాసిటరు వోల్టేజి మూడున్నర వోల్టులు తగ్గుతుంది, అంటే 20 వోల్టుల దరిదాపుల్లో నిలుస్తుంది, పదికి చాలా పైన. మళ్లీ ముప్పైసార్లు ఎత్తితే ఒక్కసారి కూడా తెగలేదు, అటు నమోదులో మూడో అంకె అయిన vmin మాత్రం యథాప్రకారం పడుతూనే ఉంది. రోగం ఇదేనని తేలింది. కానీ కెపాసిటరును శాశ్వత వైద్యంగా ఉంచలేదు. సెన్సర్‌కూ కౌంటరుకూ విడిగా ఒక చిన్న 24 వోల్టుల సప్లయి పెట్టించాను.

ఐదో రోజు

సిలిండర్ లేదు, బల్ల లేదు, అయినా ఉదయం 2 నుంచి 40 మిల్లీసెకన్ల గుంపు మళ్లీ కనబడింది. ఒకే డబ్బా మీద ఏడు పల్సులు. vmin మాత్రం 640 దగ్గర కదలకుండా ఉంది. ప్యానెల్ దగ్గర సరఫరా నిండుగా ఉండగా సెన్సర్ ఆరి వెలుగుతోందంటే తేడా ఆ రెండింటి మధ్య దారిలోనే ఉంది.

అన్ని మోటార్లూ ఆపి, పలక కట్టి, కేబులు వెంట చేయి వేసుకుంటూ అడుగు అడుగునా కదిలించుకుంటూ వెళ్లాను. ల్యాప్‌టాప్ దగ్గర ఎలక్ట్రీషియన్ కూర్చున్నాడు. చల్లార్చే తొట్టి కిందికి రాగానే "ఆగండి సార్, పడుతున్నాయి!" అని కేక వేశాడు. అక్కడ ఒక అతుకు ఉంది. కేబులు పొడవు చాలక కలిపి, ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేసిన అతుకు. టేపు విప్పితే లోపల తడి, నీలం వైరు రాగి తీగలు పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. మూడు నాలుగు తీగలే పట్టుకుని ఉన్నాయి, వేలితో తాకితే అవీ రాలాయి.

కిందటి వారం ఇదే కేబులును మల్టీమీటరుతో చూశాను. కీచుమని మోగింది, బాగుందనుకున్నాను. కదలకుండా ఉన్నప్పుడు ఆ నాలుగు తీగలు చాలు, మీటరు మోగుతుంది. బెల్టు అదురుతున్నప్పుడు చాలవు. అందుకే వైరింగు పరీక్ష కదిలిస్తూనే చేయాలి, ఫలితాన్ని మీటరు మోతలో కాక నమోదైన పల్సుల్లో చూడాలి.

అతుకు లేని కొత్త కేబులు వేశాం. సెన్సర్ దగ్గర నీటిని ఆపే మరతిప్పే ప్లగ్గు పెట్టాం, ప్లగ్గుకు ముందు కేబులును కొంచెం కిందికి వేలాడేలా కట్టాం. కేబులు మీద జారే నీళ్లు ప్లగ్గు దాకా రాకుండా ఆ వంపులోనే కారిపోతాయి. కొత్త కేబులు షీల్డును ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్‌కు కలిపాను.

ఆరు, ఏడు రోజులు

ఇప్పుడు ఎక్కువ చూపించడం పూర్తిగా ఆగింది. తక్కువ చూపించడం మిగిలింది: గంటకు నాలుగైదు డబ్బాలు. నమోదులో వాటి జాడే లేదు. రాని పల్సును నమోదు చూపించలేదు. కానీ దాని పక్కన వచ్చిన పల్సులు చూపిస్తాయి.

డబ్బా గుండ్రంగా ఉంటుంది కాబట్టి సెన్సర్‌కు ఎంత దగ్గరగా వెళితే అంత ఎక్కువసేపు కనబడుతుంది. లెక్క సులువే. డబ్బా వ్యాసం D, సెన్సర్ చూడగల దూరం s, డబ్బాకు సెన్సర్‌కు మధ్య అతి తక్కువ ఖాళీ g అనుకుంటే, ఆన్‌లో ఉన్నంతసేపు డబ్బా కదిలే దూరం దాదాపుగా:

```
2 × √(D × (s − g))
```

D 155 మిల్లీమీటర్లు, s 8 మిల్లీమీటర్లు. సుద్ద గీత పెట్టి కొలిస్తే బెల్టు పది సెకన్లకు రెండు మీటర్లు నడుస్తోంది, అంటే సెకనుకు 200 మిల్లీమీటర్లు. ఖాళీ 3 అయితే 56 మిల్లీమీటర్లు, 280 మిల్లీసెకన్లు. ఖాళీ 6 అయితే 176 మిల్లీసెకన్లు. 7.5 అయితే 88. 8 దాటితే డబ్బా లేనట్టే.

నా నమోదులో వెడల్పులు 90 నుంచి 280 దాకా పరచుకుని ఉన్నాయి. ఆ లెక్కన డబ్బాలు 3 నుంచి 7.5 మిల్లీమీటర్ల దాకా అటూ ఇటూ ఊగుతూ వెళుతున్నాయి, 8 దాటినవి తప్పిపోతున్నాయి. ఒక్క కొలబద్ద వాడకుండా పల్సు వెడల్పే సెన్సర్ నుంచి డబ్బా దూరాన్ని చెప్పింది. వెళ్లి కొలిస్తే పక్క కమ్మీల మధ్య వెడల్పు 165, అంచు దగ్గర డబ్బా 157. ఎనిమిది మిల్లీమీటర్ల ఆట ఉంది.

పెట్టె మీద 8 మిల్లీమీటర్లని రాసినంత మాత్రాన 8 దగ్గర పెట్టకూడదు. సెన్సర్‌కు సెన్సర్‌కు, వేడికి చలికి ఆ దూరం మారుతుంది. నిశ్చింతగా నమ్మదగినది దానిలో 81 శాతం, అంటే సుమారు 6.5. అందుకని సెన్సర్‌ను ఇంకా ముందుకు తోయలేదు, తోస్తే ఏదో ఒక సొట్ట డబ్బా దాని ముఖాన్ని రాసుకుంటుంది. సెన్సర్‌కు ముందు అర మీటరు మేర కమ్మీలను 160కి దగ్గర చేశాం. ఇప్పుడు ఖాళీ 3 నుంచి 6 మధ్యే ఉంటుంది.

మరో సంగతి కూడా ఇక్కడే బయటపడింది. సెన్సర్ ఉన్న చోటు ప్యాకింగు బల్లకు మరీ దగ్గర. వరుస నిండినప్పుడు డబ్బాలు అక్కడే ఆగుతాయి. ఒక డబ్బా సరిగ్గా కనబడీ కనబడని అంచున ఆగి, కింద బెల్టు జారుతూ అదిరితే, అది పది పల్సులు ఇవ్వగలదు. ఇది వైరులో పుట్టిన నాయిస్ కాదు, సరఫరా కాదు, ఏ వైరూ వదులు కాదు, చోటు తప్పు. సెన్సర్‌ను మీటరున్నర వెనక్కి, డబ్బాలు ఎప్పుడూ ఆగకుండా విడివిడిగా నడిచే చోటికి మార్చాం.

ఇవన్నీ అయ్యాకే లెక్కపెట్టే ప్రోగ్రాంలో వడపోత పెట్టాను: కనీసం 40 మిల్లీసెకన్లు ఆన్‌లో ఉండి, తర్వాత కనీసం 80 మిల్లీసెకన్లు ఆఫ్‌లో ఉంటేనే ఒక డబ్బా. ఒకదానికొకటి తగిలి వచ్చే డబ్బాల మధ్య కూడా 500 మిల్లీసెకన్లకు పైగా ఆఫ్ ఉంటుంది కాబట్టి ఏదీ తప్పిపోదు. ఇదే వడపోత మొదటి రోజే పెట్టి ఉంటే సన్నని పల్సులు మాయమై అంకె కొంత బాగుపడేది, తొట్టి కింద చిలుమెక్కిన అతుకు మాత్రం అలాగే ఉండేది.

ఎనిమిదో రోజు

పూర్తి షిఫ్టు. నమోదైన వెడల్పులన్నీ 170 నుంచి 285 మిల్లీసెకన్ల మధ్యే ఉన్నాయి. సన్నని పల్సు ఒక్కటీ లేదు, vmin 636 కంటే దిగలేదు. సాయంత్రం 791 పెట్టెలు నిండాయి, అంటే 4,746. కౌంటరు 4,748 చూపించింది.

ఆ రెండింటి కోసం నమోదు మొత్తం తిరగేశాను. ప్రతి పల్సూ నికార్సయిన డబ్బాలాగే ఉంది. చివరికి ప్యాకింగు బల్ల దగ్గరికి వెళ్లి, నాలుగో రోజు ఆ మాట చెప్పిన ఆమెనే అడిగితే గోడ పక్కన ఉన్న చిన్న బల్ల చూపించారు. మూత అతుకు కోసి చూడటానికి నాణ్యత విభాగం వాళ్లు మధ్యాహ్నం సెన్సర్ దాటిన తర్వాత తీసుకున్న రెండు డబ్బాలు అక్కడే ఉన్నాయి.